మోకాళ్లకు ట్రెడ్‌మిల్లా, బీచ్ రోడ్డా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, బరువు 72 కిలోలు. విశాఖలో సీతమ్మధారలో మూడో అంతస్తులో ఉంటాం. బ్యాంకులో కూర్చుని చేసే ఉద్యోగం. మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పిగా ఉంటుంది, కుడివైపు ఎక్కువ. ఎక్కేటప్పుడు అంతగా ఉండదు. సినిమాకి వెళ్లి రెండున్నర గంటలు కూర్చుని లేచినా పట్టేసినట్టు ఉంటుంది. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి అరుగుదల ఏమీ లేదు, తొడ కండరాలు బలహీనంగా ఉన్నాయి అన్నారు. నెమ్మదిగా పరుగు మొదలుపెట్టాలని ఉంది. మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఉంది. అది మెత్తగా ఉంటుంది, దాని మీదే చెయ్యమని మా ఆయన అంటారు. బీచ్‌లో ఇసుక మీద పరిగెత్తు వదినా, మోకాళ్లకి అంతకంటే మంచిది లేదని మా మరిది అంటాడు. పరిగెడితే ఉన్న గుజ్జు కూడా అరిగిపోతుందని అమ్మ భయపెడుతోంది. ఎవరి మాట వినను? ఇంట్లోకే ఒక ట్రెడ్‌మిల్ కొనేయమంటారా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ ఆయన మాట వినండి. కానీ ఆయన చెప్పిన కారణానికి మాత్రం కాదు. మొదటి ఆరు వారాలు ట్రెడ్‌మిల్ మీదే మొదలుపెట్టమని నేనూ అంటాను. అయితే అది మెత్తగా ఉంటుందని కాదు, దాని మీద దిగుడు ఉండదని.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట 'ఎక్కేటప్పుడు అంతగా ఉండదు' అన్నదే. మెట్టు దిగేటప్పుడు వెనక ఉన్న కాలు వంగుతూ, ఒళ్లంతటి బరువునూ మెల్లగా కిందికి దించాలి. అంటే బ్రేకు వేస్తున్నట్టు. ఆ బ్రేకు వేసేది తొడ ముందు కండరం. అది లాగినప్పుడల్లా మోకాలి చిప్ప తొడ ఎముకకు గట్టిగా అదుముకుంటుంది. మోకాలు ఎంత వంగితే అదుము అంత ఎక్కువ. సినిమా హాల్లో కాళ్లు మడిచి కూర్చుంటే పట్టేయడమూ ఆ కోవలోదే. పరుగులో చిప్ప వెనక అదుము అడుగడుక్కీ శరీర బరువుకు నాలుగైదు రెట్లు దాకా ఉంటుంది. పల్లంలోకి పరిగెడితే ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు మీ వీధి సంగతి చూడండి. సీతమ్మధారలో ఇంటి గేటు దాటి ఏ వైపు పరుగు మొదలుపెట్టినా వెళ్లేటప్పుడో, వచ్చేటప్పుడో పల్లం తగులుతుంది. ఎక్కింది దిగక తప్పదు. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మాత్రం ఎక్కడమే తప్ప దిగడం లేని కొండ. ఇంక్లైన్ పెంచితే ఎత్తు ఎక్కినట్టు గుండె కొట్టుకుంటుంది, ఊపిరి అందదు. ఆపేసి పక్కకు దిగేస్తే చాలు, కొండ దిగే పని లేదు. మీ మోకాలికి సరిగ్గా కావలసింది ఇదే.

మెత్తదనం మాట కూడా చెబుతాను, ఎందుకంటే అందరూ దాని గురించే అడుగుతారు. పాదం కింద నేల గట్టిగా ఉంటే మన కాలు కాస్త ఎక్కువ వంగి దెబ్బను మింగుతుంది. నేల మెత్తగా ఉంటే కాలు తనకు తెలియకుండానే బిగుసుకుంటుంది. కాళ్లే స్ప్రింగులు, నేలను బట్టి అవి సర్దుకుంటాయి. అందుకే ట్రెడ్‌మిల్ కింద రబ్బరు ఉన్నంత మాత్రాన మోకాలికి పడేది ఆ మేరకు తగ్గిపోదు. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో ఒకే మనుషుల్ని నేల మీదా, ట్రెడ్‌మిల్ మీదా పరిగెత్తించి చూస్తే మోకాలి చిప్ప మీద పడే భారం రెండిటిలోనూ దాదాపు ఒకటే. మడమ వెనక ఉండే గట్టి తాడు మీద మాత్రం ట్రెడ్‌మిల్ మీదే ఎక్కువ పడింది. మనం దాన్ని నరం అంటాం కానీ అది నరం కాదు, పిక్కను మడమకు కట్టే స్నాయువు. ఈ సంగతి గుర్తుంచుకోండి, రెండో వారంలో పనికొస్తుంది.

అమ్మగారి భయం చాలామంది అమ్మలకు ఉన్నదే. 2017లో అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క వేశారు. సరదాకు, ఆరోగ్యానికి పరిగెత్తేవాళ్లలో నూటికి సుమారు 3.5 మందికి మోకాలి అరుగుదలో, తుంటి అరుగుదలో కనిపించింది. అసలు పరిగెత్తని వాళ్లలో అది నూటికి 10 మంది. పోటీల్లో విపరీతంగా పరిగెత్తేవాళ్లలో మాత్రం 13 దాకా ఉంది. పరుగే కాపాడిందని దీన్ని బట్టి తేల్చి చెప్పలేం, మోకాళ్లు బాగున్నవాళ్లే పరిగెత్తుతూ ఉండవచ్చు కదా. కానీ వారానికి మూడు రోజులు నెమ్మదిగా పరిగెడితే గుజ్జు అరిగిపోతుందనడానికి ఆధారం లేదు. పైగా మీ ఎక్స్‌రే బాగుంది.

ఇక మరిది గారి ఇసుక. వద్దు. పొడి ఇసుకలో పాదం అడుగడుక్కీ ఒక్కో వైపుకు ఒరుగుతుంది, దాన్ని సర్దలేక మోకాలు మెలికపడుతుంది. అలలు తడిపిన గట్టి ఇసుక కాలికి హాయిగానే ఉంటుంది. కానీ అది సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ కిందే ఉంటుంది. విశాఖలో చదువుకునే రోజుల్లో నేనూ ఈ పని చేశాను. వారం తిరిగేసరికి ఎడమ మోకాలి బయటి పక్క సూది గుచ్చినట్టు నొప్పి వచ్చింది, అది పోవడానికి నెలన్నర పట్టింది. ఇసుక మీద నడవండి, పిల్లలతో ఆడుకోండి. పరుగు వద్దు.

సరే, ట్రెడ్‌మిల్ అన్నాం. దానికీ ఒక చిక్కు ఉంది. రోడ్డు మీద అలిసిపోతే మీకు తెలియకుండానే వేగం తగ్గుతుంది. ట్రెడ్‌మిల్ తగ్గించదు, మీరు బటన్ నొక్కేదాకా అదే వేగంతో లాగుతూనే ఉంటుంది. పదో నిమిషంలో తొడలు అలిసి అడుగు బరువుగా పడుతున్నా బెల్టుకు తెలియదు. ఎదురుగా టీవీ ఉంటే మీకూ తెలియదు.

రెండేళ్ల కిందట నా దగ్గరికి 45 ఏళ్లాయన ఒకరు వచ్చారు. నొప్పి అచ్చం మీలాంటిదే. ట్రెడ్‌మిల్ మీద గంటకు 9 కిలోమీటర్ల వేగం పెట్టి, వార్తలు చూస్తూ రోజూ ఇరవై నిమిషాలు ఆపకుండా పరిగెత్తారు. మూడో వారానికి ఇంట్లో మెట్లు దిగడం కష్టమైంది. 'మెత్తటి మెషిన్ మీదే కదండీ చేశాను' అన్నారు. బెల్టు ఎత్తులో ఫోను పెట్టి పక్కనుంచి వీడియో తీశాం. పాదం మోకాలి కంటే చాలా ముందుకు వెళ్లి, కాలు చాచుకుని మడమ మీద టక్కుమని పడుతోంది. నిమిషానికి 146 అడుగులు. పెద్ద అడుగులు, తక్కువ అడుగులు. రోజూ చేయడం మానిపించి రోజు విడిచి రోజు అన్నాం, వేగం 7.2కి దించాం. ఫోనులో టక్ టక్‌మని లయ కొట్టే మెట్రోనోమ్ యాప్ పెట్టి అడుగుల్ని మెల్లమెల్లగా 156కి తెచ్చాం. ఆయన బరువు తగ్గలేదు, బూట్లు మార్చలేదు. అయిదారు వారాల్లో మెట్లు మామూలుగా దిగారు.

అడుగులు చిన్నవి చేసి, సంఖ్య పెంచితే మోకాలికి ఎందుకు తేలిక? పాదం శరీరానికి దగ్గరగా పడుతుంది, మోకాలు తక్కువ వంగుతుంది, బ్రేకు పని తగ్గుతుంది. అడుగుల్ని 5 నుంచి 10 శాతం పెంచితే చాలు, ఒక్కో అడుగుకు చిప్ప మీద పడే భారం చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. అందరూ 180 పెట్టాలని ఫోన్లలో చూసి ఉంటారు, అది పట్టించుకోకండి. మీరు మామూలుగా వేసేది లెక్కపెట్టి, దానికి అయిదు శాతం కలపండి. లెక్క సులువే. కుడి పాదం పడటాన్ని ముప్పై సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 38 సార్లు పడితే 152. దానికి అయిదు శాతం కలిపితే 160.

మొదటి రోజు ఇలా చెయ్యండి. ఇంక్లైన్ సున్నా మీదో, 1 మీదో ఉంచండి. 1 తప్పనిసరి అని జిమ్‌లో కొందరు చెబుతారు. బయట ఎదురుగాలిని సరిపెట్టడానికి వేగంగా పరిగెత్తేవాళ్ల కోసం వచ్చిన లెక్క అది, మీ వేగానికి తేడా తెలియదు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో అయిదు నిమిషాలు నడవండి. తర్వాత 7 లేదా 7.2 పెట్టి ఒక నిమిషం జాగింగ్, మళ్లీ 5కి దించి రెండు నిమిషాలు నడక. ఇలా ఆరుసార్లు. చివర అయిదు నిమిషాలు నడక. మొత్తం 28 నిమిషాలు. అందులో పరుగు ఆరే నిమిషాలు. నవ్వొస్తుందేమో కానీ ఆ ఆరు నిమిషాల్లో ఒక్కో కాలు దాదాపు 470 సార్లు నేలను తాకుతుంది. అదే ఇరవై నిమిషాలు ఏకబిగిన పరిగెడితే ఒక్కో కాలికి 1500 దాటుతుంది. మెట్లు దిగితేనే అలిగే మోకాలికి మొదటి రోజే అంత పని చెప్పకూడదు.

వేగం 7 కంటే తగ్గించి ఇంకా నెమ్మదిగా చేద్దామని 6 పెట్టకండి. దాదాపు 7 దగ్గరే మనిషి నడక నుంచి పరుగుకు మారతాడు. ఆ కింద పరిగెడితే ఎగిరెగిరి పడ్డట్టు ఉంటుంది కానీ పరుగులా ఉండదు. ఇంకో మాట, జిమ్ మెషిన్ తెర మీద చూపే అంకె ఎప్పుడూ కచ్చితం కాదు. ఒకే మెషిన్ వాడండి, దాని అంకెనే గుర్తుపెట్టుకోండి. మాట్లాడుతూ ఒక వాక్యం పూర్తి చేయగలిగితే ఆ వేగం మీకు సరిపోయినట్టే.

పక్కనుండే కడ్డీలు పట్టుకోకండి, పట్టుకుంటే నడుము వంగి అడుగు చెడుతుంది. కిందకు పాదాల వైపు చూడకండి. పడిపోతానేమోనని ముందుకు వచ్చి తెరకు అతుక్కుపోతారు చాలామంది, అడుగు ముందుకు పడటానికి చోటు లేక తంటాలు పడతారు. బెల్టు మధ్యలో ఉండండి. పడిపోతే మెషిన్‌ను ఆపేసే ఆ ఎర్ర క్లిప్పును మాత్రం బట్టలకు తగిలించుకోండి, దాన్ని ఎవరూ పెట్టుకోరు.

వారానికి మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ. రెండు వారాలు ఇదే. మూడు, నాలుగు వారాల్లో రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, అయిదుసార్లు. అయిదు, ఆరు వారాల్లో మూడు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, అయిదుసార్లు. వేగం ఈ ఆరు వారాలూ పెంచవద్దు. పెంచాలనిపిస్తుంది, నాలుగో వారంలో తప్పకుండా అనిపిస్తుంది. ఊపిరి, గుండె త్వరగా అలవాటు పడతాయి. మోకాలి చిప్ప, స్నాయువులు వాటి కంటే చాలా నిదానం. ఒళ్లు చెమట పట్టాలి, కష్టపడాలి అనిపించిన రోజున పరుగు జోలికి పోకుండా 5 వేగంతో ఇంక్లైన్ 4 పెట్టి ఇరవై నిమిషాలు నడవండి. ఊపిరి అందనంత పని, మోకాలికి తక్కువ భారం.

పెంచాలా, ఆగాలా అని మీకు చెప్పేది మీ మెట్లే. పరుగులో నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకె వేసుకోండి. మూడు దాకా ఉంటే పరవాలేదు, కొనసాగించవచ్చు. మూడు దాటితే ఆ రోజుకు నడకతో ముగించండి. అసలు పరీక్ష మర్నాడు పొద్దున. పాల ప్యాకెట్ కోసం మూడో అంతస్తు నుంచి దిగుతారు కదా, అప్పుడు నొప్పి రోజూ ఉండేంతే ఉంటే నిన్న చేసింది మోకాలికి సరిపోయింది. రోజూ కంటే ఎక్కువ ఉంటే మళ్లీ మామూలుకు వచ్చేదాకా ఆగి, ఒక మెట్టు వెనక్కి వెళ్లి చెయ్యండి. రెండుసార్లు వరసగా అలా అయితే వారం వెనక్కి. ఈ అంకె రోజూ క్యాలెండర్ మీద రాసుకోండి, నెల తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడితే అంతా కలగలిసిపోతుంది.

రెండో వారంలో పనికొస్తుందన్నది ఇక్కడ. అప్పటికి మోకాళ్లు బాగానే ఉండి, పొద్దున మంచం దిగగానే పిక్కలు, మడమ వెనక బిగుసుకున్నట్టు అనిపించవచ్చు. ట్రెడ్‌మిల్ కొత్తవాళ్లకు ఇది మామూలే. పది అడుగులు వేసేసరికి వదిలితే కంగారు లేదు. వదలకుండా పగలంతా ఉంటే ఇంక్లైన్ నడక మానేసి, వారం పాటు పరుగు సగానికి తగ్గించండి.

డాక్టరు గారు కండరాలు బలహీనం అన్నారు కాబట్టి, పరుగు లేని రోజుల్లో రెండు రోజులు ఇంట్లో రెండు పనులు చెయ్యండి. ఒకటి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, మూడు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా కూర్చోవడం. పదేసి చొప్పున మూడుసార్లు. కుర్చీ తక్కువ ఎత్తుగా అనిపిస్తే దిండు వేసుకోండి. రెండోది, పక్కకు తిరిగి పడుకుని పై కాలును నిటారుగా, కాస్త వెనక్కి ఉంచి లేపడం. ఇది తుంటి పక్క కండరానికి. తుంటి బలహీనంగా ఉంటే మోకాలు లోపలికి కూలుతుంది, చిప్ప దారి తప్పుతుంది. తొడతో పాటు తుంటికీ పని పెడితేనే ఈ నొప్పి బాగా తగ్గుతుంది. మోకాలికి తొడిగే ఎలాస్టిక్ క్యాప్ ధైర్యానికి బాగుంటుంది, బలం మాత్రం ఇవ్వదు.

ఏడో వారంలో ఒక రోజు బయటకు రండి. సీతమ్మధార రోడ్ల మీద కాదు. స్కూటీ మీద బీచ్ రోడ్డుకు వెళ్లి, సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నుంచి వుడా పార్కు వైపు వెళ్లండి. తెల్లవారుజామున అక్కడ వాహనాలు ఆపుతారు, రోడ్డు దాదాపు సమంగా ఉంటుంది. తెన్నేటి పార్కు దాకా పోవాలని ఆశపడకండి, అక్కడికి ఎక్కాక దిగాలి. రోడ్డు అంచుల వైపు నీరు పోవడానికి వాలుగా ఉంటుంది. వాహనాలు లేవు కాబట్టి నడిమధ్యన పరిగెత్తండి, లేదా వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు ఒకే అంచున ఉండండి. అప్పుడు వాలు రెండు కాళ్లకూ సమంగా పంచుకుంటుంది.

బయట మొదటి రోజు అందరూ చేసే తప్పు వేగం. ట్రెడ్‌మిల్ మీద ఎక్కువ వేగంలో ఉన్నట్టు అనిపిస్తుంది, అందుకే తక్కువ అంకె పెట్టుకుంటాం. బయటకు రాగానే అదే తేలికతో, మనకు తెలియకుండానే ఇంకా వేగంగా పోతాం. సముద్రపు గాలి, పక్కన వేరేవాళ్లు దాటిపోవడం వల్ల అది ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఆ రోజు మూడు నిమిషాల పరుగు వద్దు, రెండు పరుగు, రెండు నడకకు వెనక్కి వెళ్లండి. మెట్రోనోమ్ చెవిలో పెట్టుకోండి. మర్నాడు పొద్దున మెట్లు ఏమంటాయో చూసి, వారానికి ఒకటి నుంచి రెండు రోజులు బయటకు మార్చండి. ఎప్పటికీ ట్రెడ్‌మిల్ మీదే ఉండమని నేననను. బెల్టు మీద ప్రతి అడుగూ ఒకేలా, ఒకే చోట ఒత్తిడి పడుతుంది. రోడ్డు మీద మలుపు, గతుకు, ఆగడం, పక్కకు తప్పుకోవడం ఉంటాయి, భారం అటూ ఇటూ పంచుకుంటుంది. మే నెల ఉక్కలోనూ, వానల్లోనూ జిమ్‌కు వచ్చేయండి.

మోకాలు ఉబ్బినా, మడత పడి చాచలేకపోయినా, నడుస్తుండగా ఒక్కసారి జారిపోయినట్టు అయినా, రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉన్నా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి మీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లండి. అది చిప్ప నొప్పి కాకపోవచ్చు.

కొనడం గురించి. ఇప్పుడు కొనకండి, అపార్ట్‌మెంట్‌లో ఉండగా ఎందుకు? మడిచి మంచం కింద తోసేసే పలచటి మెషిన్లు చాలావరకు నడక కోసమే, వాటి వేగం చాలా వాటిలో 6 దగ్గర ఆగిపోతుంది. మీకు కావలసింది 7 పైన. ఆరు నెలల తర్వాత కూడా వారానికి మూడు రోజులు చేస్తూ ఉంటే అప్పుడు చూడండి. షాపులో బూట్లు వేసుకుని 7.5 మీద అయిదు నిమిషాలు పరిగెత్తి చూడకుండా డబ్బు కట్టకండి. బెల్టు వెడల్పు 45 సెంటీమీటర్లకు, పొడవు 120కి తక్కువ ఉండకూడదు. పాదం పడినప్పుడల్లా బెల్టు ఒక్క క్షణం తడబడి ఆగినట్టు అనిపిస్తే మోటారు మీ బరువును లాగలేకపోతోందన్నమాట. అది వదిలేయండి.